పగలని చేపల పెట్టె

పెళ్ళయిన తొలి ఏళ్ళలో మా కాపురం చాలావరకు బస్సుల్లోనే జరిగింది. నేను నందికొండలో, చేపల శాఖలో చిన్న ఉద్యోగిని. ఆమె పాలమూరులో ఆడపిల్లల ప్రాథమిక పాఠశాలలో టీచరు. మధ్యలో దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల. ఆదివారానికి అటో ఇటో ఇంకో సెలవు తగిలినప్పుడు బస్సులు మారుకుంటూ వెళ్ళి, తల మీది నుంచి చెప్పుల దాకా ఎర్రదుమ్ముతో ఆమె కిరాయి ఇంటి గుమ్మంలో నిలబడేవాణ్ణి. ఆమె చెంబుతో నీళ్ళిచ్చేది. నేను మొహం కడుక్కున్నాక తేరిపార చూసి, "ఆఁ, మా ఆయననే" అనేది. నాకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది. మర్నాడే మళ్ళీ బస్సు ఎక్కాలి కదా.

బదిలీ కోసం నేను పెట్టుకోని అర్జీ లేదు. పాలమూరు పట్నంలో మా శాఖకు ఉన్నది ఒకే ఒక్క కుర్చీ. అందులో ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. ఆయన ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉంది. ఆమెను నందికొండకు తెచ్చుకుందామంటే, ఆనకట్ట పనివాళ్ళ పిల్లల కోసం పెట్టిన బళ్ళో ఖాళీ లేదన్నారు. ఇద్దరికీ ప్రభుత్వమే జీతమిస్తోంది, ఇద్దరినీ ఒక చోట ఉంచడానికి మాత్రం దానికి చేతకావడం లేదు.

అలాంటి రోజుల్లో పాలమూరులో ఒక ప్రదర్శనశాల కడుతున్నారని కబురు వచ్చింది. జిల్లాలో పండే గింజలు, జిల్లాలో నేసే గొంగళ్ళు, కొత్త రకం నాగళ్ళు, వాటితో పాటు కృష్ణలో దొరికే చేపలు బతికున్నవే చూపించాలని నిర్ణయం. నిర్ణయం చేసినవాళ్ళలో చేపను కూరలో తప్ప చూసినవాడు లేడు. అందుకని సలహా చెప్పడానికి నందికొండ నుంచి ఒక మనిషిని పంపమన్నారు. మా పైఅధికారి నన్ను పంపాడు. చేపల కోసం పెద్ద తొట్టి పెట్టినప్పుడు దాన్ని చూసుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా, ఆ ఒకరు నేనెందుకు కాకూడదు అనుకున్నాను. బస్సులో దారి పొడుగునా అదే ఆలోచన. దుమ్ము కూడా తెలియలేదు.

మీటింగుకు ముందు రోజు ఇంట్లో, నేను చెప్పబోయేదంతా ఆమె ముందు ఒకసారి వల్లించాను. ఆమె చాటలో బియ్యం ఏరుతోంది. తొట్టికి రెండు దారులున్నాయి. ఒకటి గాజు. ఇనుప యాంగిళ్ళతో చట్రం కట్టి, అందులో గాజు పలకలు కూర్చి, సందులన్నీ పుట్టీతో మూస్తారు. బరువు ఎక్కువ, దెబ్బ తగిలితే పగులుతుంది, పక్క నుంచి చూస్తే కొంచెం పచ్చదనం ఉంటుంది. అయితే ధర తక్కువ, పైభాగం గట్టిది, గీకులకు లొంగదు. రెండోది అక్రిలిక్. బొంబాయి నుంచి వస్తుంది, చూడ్డానికి అద్దమే కాని జాతికి ప్లాస్టిక్. గాజులో సగం కూడా బరువుండదు, పగలదు, నీళ్ళలాగే తేటగా ఉంటుంది. పలకను పలకకు ద్రావకంతో అతికిస్తే సందే కనపడదు. కాని ధర గాజుకు ఎన్నో రెట్లు. పలక పలచనైతే నీళ్ళ ఒత్తిడికి కడుపులా ముందుకు వస్తుంది. పైగా మెత్తనిది. తుడిచే గుడ్డలో ఒక ఇసుకరేణువు ఉంటే చాలు, గీత పడుతుంది.

"గీత పడ్తె ఏమైతది? పారెయ్యాల్నా?" అంది ఆమె, రాళ్ళు ఏరడం ఆపకుండా.

"పారెయ్యనక్కర లేదు. గాజుకు గీత పడదు, పడ్డదంటే ఇక పోదు. దీనికి తొందరగ పడ్తది, కాని మళ్ళ పోగొట్టొచ్చు. సన్నటి ఎమరీ కాగితం తడిపి రుద్దాలె. అటెన్క ఇంకా సన్నంది. ఆఖరికి ఇత్తడి సామానుకు పెట్టే పాలిషు మెత్తటి గుడ్డకు రాసి రుద్దాలె. ఎంత ఓపిక కావాల్నో! ఇటు తీస్తుంటె అటు ఎవడో గీకుతడు. దాని దగ్గర ఒక మనిషి ఎప్పుడూ కూసోనుండాలె."

"మరి గాజుదైతె?"

"గాజుకు మనిషెందుకు? పాచి పడ్తె అటెండరు బ్లేడు పెట్టి గీకుతడు, అయిపాయె."

ఆమె చాట పక్కన పెట్టి నా వైపు చూసింది. "అయితె రేపు మీటింగుల మీరు జర ఊకుండరాదుండ్రి" అంది.

పెద్దవాళ్ళ ముందు నోరు జారి ఉన్న ఉద్యోగం పోగొట్టుకుంటానని ఆమె భయపడుతోందనుకున్నాను. నిజానిజాలు తెలిసినవాడు ఊరుకోకూడదని, శాస్త్రం అంటే అదేనని ఆమెకు ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఆమె ఆవులించి బియ్యం కడగడానికి లేచింది.

మీటింగులో అధ్యక్షులవారు రిటైరైన రెవెన్యూ అధికారి. షేర్వానీ, చేతికి పచ్చరాయి ఉంగరం, మాటకు ముందు ఒక దగ్గు. పక్కన కోస్తా జిల్లాల నుంచి వచ్చిన ఇంజనీరుగారు. ఇంకా నలుగురైదుగురు టీ తాగడానికి వచ్చిన సభ్యులు. ఎందుకైనా మంచిదని నేను ఫొటోలకు పటం కట్టే దుకాణంలో ఒక మందపాటి గాజు ముక్క అడిగి తెచ్చాను. హైదరాబాదు దుకాణంవాడు అప్పటికే అరచేతి వెడల్పు అక్రిలిక్ ముక్క పంపించాడు. రెండూ టేబులు మీద పక్కపక్కన పెట్టి మొదలుపెట్టాను. గీతల దాకా వచ్చేసరికి అధ్యక్షులవారు దగ్గారు.

"గీతలు గీతలంటవు. గీతలతోని మనకేం పనయ్యా? పగుల్తదా, పగలదా?"

"అక్రిలిక్ పగలదు సార్. కాని..."

"పగలదా?" అంటూ ఆ ముక్కను తీసుకుని టేబులు అంచుకేసి కొట్టారు. ముక్కకు ఏమీ కాలేదు. టేబులుకు సొట్ట పడింది. సభ్యులందరి మొహాలూ వెలిగాయి. అంతవరకు చేపల గురించి మాట్లాడుతుంటే నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి చేతులు చాపారు. ఒకరు గోడకు కొట్టారు. ఒకరు మడమ కింద వేసి తొక్కారు. ఇంజనీరుగారికి కూడా ఉత్సాహం వచ్చింది.

"ఏదీ, ఇలా ఇవ్వండి" అని దాన్ని మేడ కిటికీలోంచి కిందికి వదిలారు. అటెండరు పరుగున దిగి, కంకర కుప్పలోంచి ఏరి తెచ్చి, తన నిక్కరుకు తుడిచి ఇచ్చాడు. పగల్లేదు. చప్పట్లు.

న్యాయం న్యాయమే కాబట్టి నా గాజు ముక్కను కూడా కిటికీలోంచి వదిలారు. దాని గురించి రాయడానికి ఏమీ లేదు. నా వాదన కూడా దానితో పాటే కింద కంకర మీద పడి ఉంది.

అక్రిలిక్ ముక్క చివరికి నా చేతికి వచ్చింది. దాన్ని వెలుగుకు ఎత్తి చూస్తే, అవతల కిటికీ ఉందో తలుపు ఉందో తెలియడం లేదు. అంత గీకుకుపోయింది. "సార్, ఒక్కసారి దీంట్లోంచి చూడుండ్రి" అన్నాను. అధ్యక్షులవారు చూడలేదు. "పగిలిందా?" అన్నారు. "లేదు సార్." "అయితె రాసుకోండి, అక్రిలిక్" అన్నారు గుమస్తాతో. నేను మళ్ళీ ధర సంగతి ఎత్తాను. అప్పుడు ఆయన చాలా నొచ్చుకున్నారు. "సర్కారు పని. సస్తా చీజు పెట్టి ఇజ్జత్ తీస్తవా?" అన్నారు. తక్కువ ధర అనేది గాజులో ఉన్న అసలు దోషమని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇంటికి వచ్చి కోపంతో అన్నం సరిగ్గా తినలేదు. ఆమె మాత్రం పచ్చిపులుసు మారు వడ్డించుకుంది. "పోనీండ్రి, ప్లాస్టిక్‌దే రానీండ్రి" అంది. నా ఓటమిని అంత తేలిగ్గా తీసుకున్నందుకు ఆమె మీద కూడా కోపం వచ్చింది.

పెట్టె రావడానికి చాలా కాలం పట్టింది. ప్రారంభోత్సవం దాకా ఉండి అన్నీ చూసుకొమ్మని నన్ను మళ్ళీ పాలమూరు పంపారు, పెట్టె వచ్చినప్పుడు స్టేషనుకు నేను కూడా వెళ్ళాను. నిజం చెప్పాలి, గీతలు లేనప్పుడు అక్రిలిక్ అంత అందమైన వస్తువు నేను మళ్ళీ చూడలేదు. మనిషి బారెడు పొడుగు, నడుమెత్తు కంటే కాస్త తక్కువ, లోపల ఏమీ లేకపోతే అసలు అక్కడ పెట్టె ఉన్నట్టే తెలియదు. దాని మీద జిల్లా అభిమానం కొద్దీ మన గొంగళ్ళే చుట్టి తెమ్మన్నారు అధ్యక్షులవారు. ఏ ఎండలో ఏ మందతో తిరిగిన గొంగళ్ళో, వాటి నిండా సన్నటి ఇసుక. స్టేషను నుంచి ప్రదర్శనశాల దాకా బండి కుదుపులకు ఆ ఇసుక చేయాల్సిన పని చేసింది. దించేసరికి మూలల మీద వెంట్రుకల్లాంటి గీతలు. నేను చూపించాను. "గొంగడిదా? గొంగడి మెత్తగుంటది గదయ్యా" అన్నారు.

ఇద్దరు అటెండర్లు పెట్టెను అవలీలగా ఎత్తేశారు. అధ్యక్షులవారు గర్వంగా నా వైపు చూసి, "గాజుదైతె ఎంతమంది కావాలె?" అన్నారు. ఆరుగురని చెప్పాను. దాన్ని ఒక బల్ల మీద పెట్టబోతుంటే ఆపాను. పెట్టె తేలికే కాని, నీళ్ళు గాజులో పోసినా, అక్రిలిక్‌లో పోసినా ఒకటే బరువు. ఆ బల్ల ఆగదు. ఇంజనీరుగారు కాగితం మీద లెక్క వేసి, రెండు బస్తాల వడ్ల కంటే చాలా ఎక్కువని తేల్చి, రాతి అరుగు కట్టించారు. అడుగున ఎగుడుదిగుడు ఉంటే పెట్టె మీద ఒత్తిడి ఒకే చోట పడుతుంది. అందుకని ఆ గొంగళ్ళనే దులిపి, మడతపెట్టి కింద పరిపించాను. పెట్టె చుట్టూ చేటు చేసిన గొంగళ్ళు పెట్టె కింద చాలా బాగా పనిచేశాయి.

పగలని అద్దం వచ్చిందని ఊరంతా పాకింది. చేపలింకా రాలేదు, నీళ్ళింకా పోయలేదు, అయినా జనం రావడం మొదలైంది. చూడ్డానికి కాదు, కొట్టడానికి. తాలూకా కచేరీకి పనిమీద వచ్చినవాళ్ళు, సంతకు వచ్చినవాళ్ళు, బస్సు తప్పిపోయినవాళ్ళు. తాళంచెవితో ఒకరు, ఉంగరంతో ఒకరు. గొర్లను అమ్ముకుని వచ్చిన ఒక ముసలాయన చేతికర్ర పొన్నుతో రెండు పోట్లు పొడిచి, "నిజమే, పగల్తలేదు" అని సంతృప్తిగా వెళ్ళిపోయాడు. అధ్యక్షులవారు రోజూ సాయంత్రం ఎవరో ఒక చుట్టాన్ని వెంటబెట్టుకుని వచ్చి, పచ్చరాయి ఉంగరంతో టకటకమని మోగించి వినిపించేవారు. ముట్టుకోవద్దని నేను బోర్డు రాయించి పెట్టాను. దాన్ని కూడా ఒకాయన తీసి, దాంతోనే పెట్టెను కొట్టి చూశాడు.

ప్రారంభోత్సవానికి ముందు రోజు పూజ. కొత్త వస్తువుకు పసుపు కుంకుమ పెట్టకుండా ఎలా? నాలుగు మూలలా నూనెతో కలిపిన పసుపు రాసి, ముందు పలక మీద నడిమధ్య పెద్ద బొట్టు పెట్టారు. కొబ్బరికాయ కొట్టడానికి రాయి కోసం వెతుకుతుంటే, "ఇంత గట్టి పెట్టె ఉండంగ రాయెందుకు?" అన్నారు అధ్యక్షులవారు. నేను వెళ్ళి పెట్టెకు అడ్డంగా నిలబడ్డాను. అంత మొండితనం నేను నా పెళ్ళిచూపుల్లో కూడా చూపించలేదు. కొబ్బరికాయను చివరికి పెట్టె కింది రాతి అరుగుకే కొట్టారు.

అంతలో జడ్చర్ల దగ్గర లారీ ఆగిపోయిందని కబురు. నందికొండ నుంచి హండీలనే పెద్ద పాత్రల్లో చేపలు తెస్తున్న లారీ అది. రవ్వలు, బొచ్చెలు, రెండు వాలుగలు. ఆగిన లారీలో నీళ్ళు కదలకపోతే వాటికి ఊపిరందదు. నేను ఉన్నపళంగా వెళ్ళాలి, ఎవరో ఒకరు హండీల్లో నీళ్ళను చెంబుతో ఎత్తి పోస్తూ ఉండాలి. పూజ చూడ్డానికి ఆమె కూడా వచ్చి ఉంది. "ఈ పసుపు మరకలు జర తుడువు. మెత్తటి తడి గుడ్డతోని, మెల్లగ. గీత పడొద్దు" అని చెప్పి బస్సు కోసం పరుగెత్తాను.

ఆ సాయంత్రం తిరిగి వచ్చేసరికి చేపలన్నీ బతికే ఉన్నాయి. ఆ సంతోషంతో హండీలు దించుకుంటూ లోపలికి వచ్చాను. ఆమె చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఒక చేతిలో కొబ్బరిపీచు, పక్కన గంపెడు పొయ్యిబూడిదతో పెట్టె ముందు కూర్చుని ఉంది. ముందు పలక మొత్తం ఈ చివర నుంచి ఆ చివర దాకా తోమేసింది. మరకలు పోయాయి. పలక కూడా పోయింది. మధ్యాహ్నం దాకా గీతలున్నా తేటగానే ఉన్నది పొగలా తయారైంది. చేయి పెడితే అవతల నా వేళ్ళు కనపడలేదు.

 అటెండర్లు చూస్తుండగానే అరిచాను. "ఏం జేసినవు? నీకేమన్న మతి ఉన్నదా?"

"లాంతరు చిమ్నీ గిట్లనే తోముతరు గదా" అంది ఆమె, తలొంచుకుని. "బూడిద పెడ్తె తెల్లగైతదనుకున్న."

అటెండర్లు జాలిగా తలలూపారు. వాళ్ళ ఇళ్ళలోనూ చిమ్నీకి బూడిదే. ఇంజనీరుగారు వచ్చి చూసి, "పాపం, ఆడవాళ్ళకేం తెలుస్తుందండీ, గాజనుకున్నారు" అన్నారు. ఆమె చేతుల బూడిద దులుపుకుంది. గంప ఎత్తుకుని ఇంటికి వెళ్ళిపోయింది. నేను ఆ పెట్టె ముందు అలాగే కూలబడ్డాను. రేపు ప్రారంభోత్సవానికి వచ్చే మంత్రిగారు చూస్తారు, ఛీ అంటారు, చేపలను వండించి పెట్టెను గోదాములో పడేస్తారు. నేను నందికొండ బస్సెక్కుతాను. ఈసారి మంచి కారణం దొరికింది కాబట్టి జన్మలో పాలమూరు రానివ్వరు. నాకు నిజంగా ఏడుపు వచ్చింది.

మర్నాడు మంత్రిగారు రిబ్బను కత్తిరించి పెట్టె ముందుకు వచ్చారు. లోపల చేపలు తిరుగుతున్నాయన్న సంగతి ఏవో నీడలు కదులుతుంటే ఊహించుకోవాలి. ఆయన కాసేపు చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.  "అద్భుతం. నదిలో ఉన్నట్టే ఉన్నయి. అదే నీరు, అదే రంగు" అన్నారు. చప్పట్లు మోగాయి. వరదలో కృష్ణ కూడా అలాగే ఉంటుందని ఒక సభ్యుడు అందుకున్నాడు. మంత్రిగారి కారు వెళ్ళేదాకా అధ్యక్షులవారి మొహం కళకళలాడింది. కారు వెళ్ళగానే నన్ను లోపలికి పిలిచారు.

"గిదేందయ్యా? చేపలు కనవడ్తలేవు."

"గీతలు సార్."

"వేరేది తెప్పిద్దమా?"

ఇంజనీరుగారు ధర గుర్తు చేశారు. దాన్ని కొన్న కాగితాల మీద పైవాళ్ళు ఇప్పటికే ప్రశ్నలు వేశారు, ఇంకోటి అడిగితే కొంప మునుగుతుంది. పైగా బొంబాయి నుంచి రావడానికి ఎన్ని నెలలు పడుతుందో. అధ్యక్షులవారు మూడుసార్లు దగ్గారు. ఇక దారి లేక నేనే చెప్పాను. పగలగొట్టలేని ఈ వస్తువుకు ఒక మంచి గుణముంది, గీతలు పోగొట్టొచ్చు, ఎమరీ, పాలిషు, మెత్తటి గుడ్డ, ఓపిక.

"ఎవరు జేస్తరు?"

"నేర్పుతే ఎవరైనా చేస్తరు సార్. కాని తొందరపడి ఒకే జాగల రుద్దితె గుంట పడ్తది, అవతల చేప వంకర కనవడ్తది."

"నువ్వు జేస్తవా?"

"చేస్త."

"ఎప్పటికైతది?"

ఇక్కడ కూడా నేను శాస్త్రం వదల్లేదు. "అయిపోవుడంటూ ఉండదు సార్" అన్నాను. "నేను తీస్తనే ఉంట, జనం గీకుతనే ఉంటరు. ఇది ఉన్నన్ని దినాలు దీని పక్కన ఒక మనిషి ఉండాలె. అందుకే నేను మొదట్నే గాజు..."

ఇంజనీరుగారు బల్ల కింద నా కాలు తొక్కారు. అధ్యక్షులవారు గుమస్తాను పిలిచి, చేపల శాఖకు ఒక కాగితం రాయమన్నారు. విలువైన ప్రభుత్వ ఆస్తి రక్షణ కోసం ఫలానా ఉద్యోగిని పాలమూరులోనే ఉంచవలసిందని. అర్జీలకు కరగని మా శాఖ ఒక ప్లాస్టిక్ పలక కోసం కరిగింది. ఆ కాగితం రాగానే నా ట్రంకు, పరుపు చుట్ట, నందికొండలో కొన్న కిరసనాయిలు పొయ్యి లారీలో వేసుకుని వచ్చేశాను. ఆమె అలవాటు కొద్దీ చెంబుతో నీళ్ళిచ్చింది. ఈసారి "మా ఆయననే" అనలేదు. లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

అలా నేను చేపల శాఖలో పాలిషు పనివాణ్ణి అయ్యాను. ముందు పలకను గళ్ళుగా అనుకుని, ఒక్కో గడి తడిపి రుద్దడం మొదలుపెట్టాను. ఎమరీతో రుద్దినప్పుడు ఇంకా మసకబారుతుంది. చూసేవాళ్ళు "ఉన్నది కూడా చెడగొడ్తున్నడు" అనుకునేవారు. పాలిషు పట్టినాక, తొలిసారి అరచేతి మేర తేటపడినప్పుడు, అవతల నుంచి ఒక బొచ్చె వచ్చి పెద్ద తల ఆనించి నన్ను చూసింది. అన్నాళ్ళ మబ్బు తర్వాత దానికి కనపడిన మొదటి మనిషిని నేనే. మా ఇద్దరికీ ఒకరినొకరు చూసుకోవడం సంతోషంగానే ఉందనుకుంటాను. లోపల పాచిని బ్లేడుతో గీకలేను కదా, పాత ధోవతి గుడ్డ చేతికి చుట్టుకుని తుడిచేవాణ్ణి. ఒక అటెండరు మంచి మనసుతో దవాఖాన నుంచి స్పిరిటు తెచ్చి తుడవబోతే చేయి పట్టుకున్నాను. స్పిరిటు తగిలితే అక్రిలిక్ లోపలికంటా సన్నటి బీటలు తీస్తుంది. ఆ బీటలకు నా పాలిషు కూడా చాలదు.

పలక మొత్తం తేటపడటానికి చాలా నెలలు పట్టింది. మొన్న తీసిన గడి మీద ఇవాళ కొత్త గీతలుండేవి. అందులో పెద్ద భాగం మా ఇంటి నుంచే వచ్చేది. ఆమె వారం వారం బడిపిల్లలను వరసకట్టించి తీసుకొచ్చేది. చేతి నిండా గాజులేసుకున్న పిల్లలు. "దూరం నుంచి జూస్తె ఏం కనవడ్తది? దగ్గరికి పోయి, చేతులు ఆనిచ్చి మంచిగ జూడుండ్రి" అనేది. పిల్లలు సంబరంగా ముందు పలకకు అతుక్కుపోయి, బొచ్చె ఎటు పోతే అటు చేతులు జరిపేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక నేను ఎమరీ కాగితం తడుపుకునేవాణ్ణి. ఎంత చెప్పినా వినదే, టీచరుగా ఆమెకు ఇంత శ్రద్ధేమిటి అని విసుక్కునేవాణ్ణి. శ్రద్ధను తప్పుపట్టలేక ఊరుకునేవాణ్ణి.

ఆ ఏడు వానాకాలంలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. అటక మీది లాంతరు దించాం. చిమ్నీ నిండా మసి. ఆమె గడపలో కూర్చుని చిమ్నీ లోపలికి నోటితో ఆవిరి ఊది, పాతబడి మెత్తబడ్డ చీరపేలికను వేలికి చుట్టి, లోపల మెల్లగా తిప్పింది. మళ్ళీ ఊది, మళ్ళీ తిప్పింది. పసిపిల్లకు ముక్కు తుడిచినంత జాగ్రత్త. నేను చూస్తూ ఉండిపోయాను.

"బూడిదేది?" అన్నాను.

"చిమ్నీకి బూడిదెందుకు? మెత్తటి గుడ్డ చాలు" అంది. అన్నాక, చేయి ఒక్క క్షణం ఆగింది. తలెత్తి నా మొహం చూసింది.

"మరి ఆ పెట్టెకు..."

"మీరే చెప్పిండ్రు గదా" అంది ఆమె. "గాజుకు మనిషక్కర లేదు, దానికైతె ఎప్పుడూ మనిషి కావాలె అని. గీతలు పడ్తె పోగొట్టొచ్చని గూడ మీరే చెప్పిండ్రు. మీటింగుల ఎవరూ ఇన్లేదు. నేను బియ్యం ఏరుకుంట ఇన్న."

"అందరి ముందట నిన్ను అట్ల అంటుంటె ఒక్క మాట మాట్లాడకపోతివి."

"మాట్లాడితె మీరు మళ్ళ నందికొండ బస్సు ఎక్కకపోదురా?"

 నా చదువు, నా శాస్త్రం, గాజు మీద నేను చేసిన వాదన అంతా గుర్తొచ్చింది. ఆ వాదన నెగ్గి ఉంటే పాలమూరులో పాచి గీకడానికి ఒక బ్లేడు చాలేది. నేను ఆ చీకట్లో నందికొండ క్వార్టర్లో ఒక్కణ్ణే కూర్చుని ఉండేవాణ్ణి.

ఆమె చిమ్నీని వెలుగుకేసి ఎత్తి, ఒక కన్ను మూసి చూసి, లాంతరుకు తగిలించింది. ఒక్క గీత లేదు. "రేపు పిల్లలను తీసుకొస్త, జర మాపటికి పాలిషు తయారు పెట్టుకోండ్రి" అని వంటింట్లోకి వెళ్ళింది.